ఆదెమ్మను విడిచిపోయిన ఆకలి

పిల్లలూ, ఈ కథ అన్నం తిన్నాక చదవండి. ఖాళీ కడుపుతో చదివితే మధ్యలో ఇబ్బంది పడతారు.

ఇప్పలకోన అనే రాజ్యంలో మూడేళ్ళు వానలు పడలేదు. మొదటి ఏడు జనం గింజలు తిన్నారు, రెండో ఏడు విత్తనాలు తిన్నారు, మూడో ఏడు చింతగింజలు ఉడకబెట్టుకుని తిన్నారు. ఆ రోజుల్లో అందరికీ ఒకే రకం కలలు వచ్చేవి. బంతులు తీరిన విస్తళ్ళు, పొగలు కక్కే అన్నం, చారు పోసే చేతులు. తెల్లవారి నలుగురూ చేరితే ఎవరి కలలో ఏం వడ్డించారో చెప్పుకునేవారు. ఆకలిగొన్న ఒంటికి అలాంటి కలలు రావడం సహజమే. దాహంతో పడుకున్నవాడికి నీళ్ళు కలలోకి రావా? అందుకని ఎవరూ భయపడలేదు.

నాలుగో ఏడు వాన కురిసింది. పంట పండింది. ధీరసింగరాజు సంతోషం పట్టలేక, రాజధానిలో ఉన్న ప్రతి మనిషికీ కడుపునిండా అన్నం పెట్టాలని పెద్ద సంతర్పణ చేయించాడు. మంచి మనసుతోనే చేశాడు. కానీ సంతర్పణ జరిగిన నాలుగు రోజుల్లో నలభై మంది చనిపోయారు. అందరికంటే ఎక్కువ చిక్కిపోయినవాళ్ళు, అందరికంటే ఎక్కువ ఆత్రంగా తిన్నవాళ్ళు, వాళ్ళే పోయారు. కొత్త బియ్యంలో కరువు దయ్యం దాక్కుని ఉందని ఊళ్ళో పుకారు పుట్టింది. జనం కంచం ముందు కూర్చోవడానికి జంకసాగారు.

కలలు మాత్రం ఆగలేదు. ఆగకపోగా అవి పట్టపగలు రావడం మొదలుపెట్టాయి.

సరిగ్గా మధ్యాహ్నం అన్నం వేళకు తూర్పు అడవి మీదుగా ఒక గాలి వీచేది. ఆ గాలిలో నేతిలో వేగిన ఇంగువ వాసన ఉండేది. ఆ వాసన తగలగానే కడుపు ఖాళీగా ఉన్నవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ కూలబడి నిద్రపోయేవారు. వీధి వీధంతా పడుకునేది. ఆ నిద్రలో వాళ్ళ కుడిచేతులు నేల మీద లేని అన్నాన్ని కలుపుతూ ఉండేవి. దవడలు ఆడుతూ ఉండేవి. గాలి నిలిచిపోయాక చెవిపెట్టి వింటే, ఊరంతా ఒక్కసారిగా నములుతున్న చప్పుడు వినిపించేది.

కలలో వడ్డించేది ఎవరో కొత్తవాళ్ళు కాదు. కరువులో పోయిన సొంత మనుషులే. తల్లి పోయినవాళ్ళకు తల్లి, చెల్లెలు పోయినవాళ్ళకు చెల్లెలు వచ్చి కొసరి కొసరి వడ్డించేవారు. అందుకే మేలుకున్నాక ఎవరికీ గాదెలోని బియ్యం వైపు చూడబుద్ధి కాలేదు. మళ్ళీ మధ్యాహ్నం ఎప్పుడవుతుందా అని ఎదురుచూసేవారు. రోజురోజుకీ నిద్ర పెరిగింది, మనుషులు తరిగారు. ఈ మాయ విడగొట్టినవాళ్ళు ఏం కోరితే అది ఇస్తానని రాజు చాటింపు వేయించాడు. చాటింపు వేసేవాడు రెండు వీధులు తిరిగి మూడో వీధిలో డప్పు మీదే తలపెట్టి నిద్రపోయాడు.

ఆ ఊళ్ళో విస్తరాకులు కుట్టి బతికే గంటయ్యకు పుల్లమ్మ అని పదహారేళ్ళ కూతురు. ఆకుల్ని కలిపి గుచ్చే సన్నటి పుల్లల మధ్య పుట్టిందని ఆ పేరు పెట్టారు. తల్లి నారమ్మ మూడో వేసవిలో పోయింది. తండ్రి సగం ఆకు కుట్టి నిద్రపోతే మిగతా సగం పుల్లమ్మ కుట్టాల్సి వచ్చేది. ఉత్త కడుపుతో చేతులు వణుకుతాయి కాబట్టి ఆమె రోజూ పొద్దెక్కేలోగా గుప్పెడు అటుకులు నానబెట్టుకుని తినేది. ఆ గుప్పెడే తనను నిద్రపోకుండా కాపాడుతోందని ఆమెకు కొన్నాళ్ళకు అర్థమైంది. తండ్రికీ పెట్టబోయింది. ఆయన మొహం తిప్పుకున్నాడు.

“మీ అమ్మ వడ్డిస్తోందే. ఈ అటుకులు తింటే రాదు. నన్ను పడుకోనీ,” అన్నాడు.

తండ్రి పాదాలు ఉబ్బాయి. చీలమండ దగ్గర వేలితో నొక్కితే పడ్డ సొట్ట చాలాసేపు అలాగే ఉంది. రాజవైద్యుడు వచ్చి చూసి, నీళ్ళు కూడా తాగకపోతే నాలుగైదు రోజులనీ, నీళ్ళు పట్టిస్తూ ఉంటే పదిహేను రోజుల దాకా ఆశ పెట్టుకోవచ్చనీ చెప్పాడు. ఆ నీళ్ళు పట్టించే పని తాను చూసుకుంటానన్నాడు. ఆయన కూడా పొద్దున్నే తినే మనిషి.

పుల్లమ్మ ఒక సంచిలో అటుకులు, నూకలు, గుప్పెడు పెసరపప్పు, చిన్న ఉప్పు మూట, ఒక ముంత సర్దుకుంది. తోవ ఎవరినీ అడగలేదు. అడగడానికి మేలుకుని ఉన్నవాళ్ళు తక్కువ. వాసన ఎటునుంచి వస్తోందో అటే నడిచింది.

మొదటి మూడు రోజులూ పొద్దున్నే అటుకులు తిని నడిచింది. మధ్యాహ్నం గాలి వచ్చేది, వాసన ఒళ్ళంతా తడిమి వెళ్ళిపోయేది, ఆమె కళ్ళు మూతపడేవి కావు. అడవిలో ఆ వేళప్పుడు పక్షి కూడా కూసేది కాదు. చెట్ల కింద అక్కడక్కడా జింకలు పడుకుని, ఎదుట గడ్డి ఉండగా నిద్రలో నెమరు వేస్తూ కనిపించేవి.

నాలుగో రోజు పుల్లమ్మకు ఒక ఆలోచన వచ్చింది. అది ఎప్పటినుంచో మనసులో మెదులుతున్నదే. అమ్మ నాన్నకు రోజూ కనిపిస్తోంది. తనకు ఒక్కసారి కూడా కనిపించలేదు. ఈ ఒక్క పూట అటుకులు మానేస్తే ఏమవుతుంది? అలా అనుకుని, సంచి ముడి విప్పకుండానే ఏటి ఒడ్డుకు చేరింది. అక్కడ దాటడానికి ఒక దుంగ అడ్డంగా పడి ఉంది. కాలు పెట్టబోతే దుంగ కళ్ళు తెరిచింది. అది కొండచిలువ.

“పిల్లా, నీ ఒంట్లో ఆకలి వాసన కొడుతోంది. సంచిలో అటుకులున్నాయి. ఎందుకు తినలేదు?” అంది.

మింగుతానన్న జంతువునైతే బతిమాలుకోవచ్చు, జవాబు ముందే తెలిసి ప్రశ్న అడిగే జంతువును ఏం చేస్తాం? తినబుద్ధి కాలేదని చెప్పింది పుల్లమ్మ.

“అబద్ధం. ఆరు నెలలకోసారి తినేదాన్ని, ఆకలి సంగతి నాకు చెప్పకు. నీకిప్పుడు ఏం తినాలనుంది?”

“చద్దన్నం. అమ్మ కలిపి పెట్టిన చద్దన్నం, ఉల్లిపాయ.”

“ఈ ఒడ్డున అడవి దుంపలున్నాయి. కాల్చి పెడతారనుకో, తింటావా?”

“అమ్మ కలిపిందే కావాలి.”

కొండచిలువ నెమ్మదిగా చుట్ట సడలించింది. కడుపు ఆకలి ఏ వేళకు తింటామో ఆ వేళకు వస్తుందనీ, అల వచ్చినట్టు వచ్చి కాసేపటికి తగ్గి మళ్ళీ వస్తుందనీ, దానికి దుంపైనా ఒకటే పాయసమైనా ఒకటేననీ చెప్పింది. ఇది మాత్రమే కావాలి, ఆ చేత్తోనే కావాలి అని పట్టుబట్టేది కడుపు కాదు. ఆ రెండూ ఒకే గొంతుతో అరుస్తాయి కాబట్టి మనుషులు ఒకదాన్ని చూసి రెండోదనుకుంటారు.

“అది నీ అమ్మ మీద బెంగ. దానికి అటుకులు మందు కాదు. అటుకులు మానేయడమూ మందు కాదు. ముందు కడుపుకి పెట్టు,” అంది కొండచిలువ.

పుల్లమ్మ ఏటి నీళ్ళలో అటుకులు నానబెట్టుకుని, ఏడుస్తూనే తిన్నది. తిన్నాక బెంగ తగ్గలేదు కానీ కాళ్ళ వణుకు తగ్గింది. కొండచిలువ పక్కకు జరిగి దారి ఇచ్చింది. ఈ మాయగాలి వచ్చినప్పటినుంచీ తనకూ కలలో జింకలు వస్తున్నాయనీ, వేటాడటం మరిచిపోయాననీ, ఈ మాయ తెగితే తనకు ఒక కబురు పెట్టమనీ అడిగింది.

ఏరు దాటి మరో రోజు నడిస్తే ఒక ముని కనిపించాడు. పుట్ట పక్కన కూర్చుని, కళ్ళు మూసుకుని ఏదో జపిస్తున్నాడు. దగ్గరికి వెళ్ళి వింటే అది మంత్రం కాదు. లేత వంకాయల్ని నాలుగు పక్షాలుగా చీల్చాలి, తొడిమ తీయకూడదు, ధనియాలు ఎర్రబడేదాకా వేయించాలి, అని ఆగకుండా చెప్పుకుపోతున్నాడు. మనిషి ఎముకలగూడులా ఉన్నాడు. చేతుల మీద పసిపిల్లలకు ఉండే నూగు మొలిచింది. మండుటెండలో కంబళి కప్పుకుని కూడా చలికి వణుకుతున్నాడు.

పుల్లమ్మ దండం పెట్టి, ఏం జపమని అడిగింది. ముని సిగ్గుపడ్డాడు. తపస్సు కోసం అన్నం మానేశాననీ, మొదట్లో దేవుడి మీదే ధ్యాస ఉండేదనీ, నెల తిరిగేసరికి ధ్యాసంతా వంటల మీదికి పోయిందనీ ఒప్పుకున్నాడు. ఎంత మానేస్తే అంత ఎక్కువగా తిండే గుర్తొస్తోందట. ఇంకా నయం, వంకాయతో ఆగాను, నిన్న పొద్దుటినుంచి సాయంత్రం దాకా పులిహోరే జపించాను అన్నాడు.

వాసన సంగతి ఆయనే చెప్పాడు. ఇంకాస్త లోపల పాత రాచబాట మీద ఒక సత్రం ఉంది. దాన్ని నడిపేది ఆదెమ్మ. కరువు మూడేళ్ళూ ఆ దారిన పోయేవాళ్ళకు ఉన్నది పెట్టింది. వడ్డించేవాళ్ళు ఆఖర్న తినాలి కదా, ఆమె అందరూ లేచాకే కుండ చూసుకునేది. కుండలో ఏమీ ఉండేది కాదు. ఎవరైనా అడిగితే తిన్నానని చెప్పేది. అలా వందల సార్లు చెప్పగా చెప్పగా, ఒకనాడు ఆమె ఆకలి ఆమెను విడిచి బయటికి వెళ్ళిపోయింది. ఎవరూ నాది అనని ఆకలి. అదే ఇప్పుడు మధ్యాహ్నం వేళ గాలిలో కలిసి ఊళ్ళమీద పడి, నిద్రపోయినవాళ్ళకు వాళ్ళ వాళ్ళ రూపంలో వడ్డిస్తోంది. ఆదెమ్మ మటుకు వంటింట్లో రాయిలా కూర్చుని ఉంది. మేలుకున్నవాళ్ళు పిలిస్తే పలకదు. కలలోనే కలుసుకోవాలి.

“మరి మీరు వెళ్ళలేదా సామీ?” అని అడిగింది పుల్లమ్మ.

“వెళ్ళాను. కలలో కలిశాను కూడా. అమ్మా నువ్వు తిన్నావా అని అడిగాను. తిన్నానంది. ఆడకూతురు తిన్నానంటే ఇంకేం గుచ్చి గుచ్చి అడుగుతాం చెప్పు? మర్యాద కాదని వచ్చేశాను.”

పుల్లమ్మ ఆ రాత్రి సరిగా పడుకోలేదు. తెల్లవారి అటుకులు తినలేదు. ఈసారి ఎందుకు మానేస్తోందో ఆమెకు తెలుసు.

సత్రం మిట్టమధ్యాహ్నపు ఎండలో తెల్లగా మెరుస్తోంది. దాని చుట్టూ నీడ లేదు. లోపల పొడుగాటి భోజనాల సావిడి, రెండు వైపులా గోడవారగా మనుషులు పడుకుని ఉన్నారు. బాటసారులు, బండివాళ్ళు, ఒక ముసలి జంట. అందరి చేతులూ కలుపుతున్నాయి, అందరి దవడలూ ఆడుతున్నాయి. ఒక్కరి పెదాలకూ తడి లేదు. వంటింట్లో ఆరిపోయిన పొయ్యి ముందు ఒకామె కదలకుండా కూర్చుని ఉంది, చేతిలో ఖాళీ గరిటె. పుల్లమ్మ పిలిచింది. ముట్టుకుంది. ఆమె చెయ్యి బావినీళ్ళలా చల్లగా ఉంది. అంతలో వాసన వచ్చింది.

సావిడి నిండిపోయింది. దీపాలు లేకుండానే వెలుగు. విస్తళ్ళు బారులు తీరాయి. పుల్లమ్మ ముందు కూడా విస్తరి ఉంది, దానిమీద ముద్దపప్పు, ఆవకాయ, నెయ్యి, బూరెలు. నోట్లో నీళ్ళు ఊరాయి. ఎవరో వంగి అన్నం పెడుతున్నారు. తలెత్తి చూస్తే అమ్మ.

అదే ముక్కుపుడక, అదే పక్కపాపిడి. పుల్లమ్మకు లోపలినుంచి ఏదో తెగిపోయినట్టైంది. ముద్ద కలిపి ఎత్తింది. చెయ్యి నోటిదాకా వచ్చింది, మళ్ళీ చూస్తే విస్తరి మీదే ఉంది. ఇంకోసారి ఎత్తింది. ఇంకోసారీ అంతే. ఇన్ని పదార్థాలున్నా దేనికీ రుచి లేదు, వాసన మాత్రమే ఉంది. అప్పుడు అలవాటు కొద్దీ ఆమె విస్తరి అంచు చూసింది. ఎన్ని పుల్లలు గుచ్చారా అని లెక్కపెట్టింది. పదకొండు. మళ్ళీ లెక్కపెడితే పదిహేడు. మూడోసారి ఆకులు కుట్టే లేవు, నీటి మీద తేలుతున్నట్టు విడివిడిగా కదులుతున్నాయి. కుట్టిన విస్తరి అలా మారదు. ఇది కల అని ఆమెకు తెలిసింది.

పిల్లలూ, కల అని తెలిసినంత మాత్రాన లేవాలనిపించదు. పుల్లమ్మకూ అనిపించలేదు. అమ్మ ముఖం చూస్తూ అలాగే ఉండిపోవాలనిపించింది. అక్కడ పడుకున్నవాళ్ళలో ఎందరికి అది కల అని తెలుసో ఎవరు చెప్పగలరు?

“తినమ్మా, ఇంకాస్త వేయనా?” అంది అమ్మ.

“నువ్వు తిన్నావా?”

“తిన్నాలే. నువ్వు తిను.”

ఆ మాట అచ్చంగా అమ్మ మాటే. మూడో వేసవంతా రోజూ విన్నదే. చింతగింజల జావ తనకూ నాన్నకూ పోసి, తన ముంత ముందే కడిగి బోర్లించి, తిన్నాలే అనేది. పుల్లమ్మ నమ్మింది. నాన్నా నమ్మాడు. నమ్మితే తమ వాటా తగ్గదు కాబట్టి నమ్మడం తేలికైంది. ఆ సంగతి ఇన్నాళ్ళూ ఆలోచించకుండా తప్పించుకుంది.

ఈసారి తప్పించుకోలేదు. ఎడమచేత్తో ఆమె చెయ్యి పట్టుకుని వేళ్ళు వాసన చూసింది. అన్నం తిన్న చేతికి ఎంత కడిగినా కాస్త పులుసు వాసనో మజ్జిగ వాసనో ఉంటుంది. ఈ వేళ్ళకు బూడిద వాసన తప్ప ఏమీ లేదు. పెదవుల మూలలు పగిలి ఉన్నాయి. వంగి ఆమె పాదం మీద వేలితో నొక్కింది. సొట్ట పడింది, మళ్ళీ పూడలేదు.

“నువ్వు తినలేదు,” అంది పుల్లమ్మ.

వడ్డించే చెయ్యి ఆగింది. సావిడిలో అందరి విస్తళ్ళ మీదా వడ్డించే చేతులు ఆగిపోయాయి. అమ్మ ముఖం పక్కకు జరిగినట్టై, దాని కిందనుంచి ఇంకో ముఖం, దాని కిందనుంచి మరో ముఖం, కరువులో పోయినవాళ్ళందరి ముఖాలూ ఒకదాని తరవాత ఒకటి కనిపించాయి. అన్ని నోళ్ళూ ఒకే గొంతుతో అన్నాయి, ఊరుకోవే, ముందు పిల్లలు తినాలి, బాటసారులు తినాలి, నాదేముంది.

“తిన్నావా అని అడగటంలేదు. ఆకలేస్తోందా లేదా, అది చెప్పు.”

ముఖాలు మారడం ఆగి, చివరికి ఆ పొయ్యి ముందు కూర్చున్న ఆడమనిషి ముఖం మిగిలింది. సిగ్గుతో తల దించుకుంది. దొంగతనం ఒప్పుకుంటున్నదానిలా గొణిగింది.

“వేస్తోంది.”

గరిటె రాతినేల మీద పడ్డ చప్పుడుకు పుల్లమ్మ కళ్ళు తెరిచింది. సావిడిలో ఎండ, దుమ్ము. గోడవారన పడుకున్నవాళ్ళు ఒక్కొక్కరే లేచి కూర్చుంటున్నారు. వంటింట్లోంచి భయంకరమైన కేక వినిపించింది. మూడేళ్ళ ఆకలి ఒక్కసారిగా ఇంటికి తిరిగొచ్చింది మరి. ఆదెమ్మ గోళ్ళతో ఖాళీ కుండలు గీకుతోంది. పుల్లమ్మ సంచి చూడగానే మీద పడింది.

ఇద్దరూ పెనుగులాడారు. ఆ పెనుగులాటలోనే పుల్లమ్మకు సంతర్పణ రోజు గుర్తొచ్చింది. ఆ రోజు విస్తళ్ళు కుట్టి కుట్టి తనూ నాన్నా ఆలస్యంగా వెళ్ళారు. అప్పటికి పదార్థాలన్నీ అయిపోయి, కుండ కడిగిన గంజి మాత్రమే దొరికింది. తాము బతికారు. కడుపునిండా తిన్న చిక్కినవాళ్ళు పోయారు. బియ్యంలో దయ్యం లేదు. ఎండిపోయిన ఒంటికి ఒక్కసారిగా అంత అన్నం పడితే ఆ ఒళ్ళే తట్టుకోలేదు.

ఆమె చారెడు నూకలూ, కాస్త పెసరపప్పూ, ఉప్పు మూటా ముంతలోకి తీసుకుని, సంచిని దూలం మీదికి విసిరేసి, పొయ్యి రాజేసి, నూకలూ పప్పూ మెత్తగా ఉడికించి, నీళ్ళు ఎక్కువ పోసి, ఉప్పు వేసి వడగట్టింది. ఆ కట్టు నాలుగు గుక్కలు ఆదెమ్మకు పట్టించి ముంత తీసేసుకుంది.

“పదివేలమందికి పెట్టినదాన్నే నేను. నాకు నాలుగు గుక్కలా? ఏ తల్లి కన్నదే నిన్ను?” అని ఆదెమ్మ తిట్టింది.

పుల్లమ్మ తిట్టనిచ్చింది. కాసేపయ్యాక మరో నాలుగు గుక్కలు ఇచ్చింది. లేచిన బాటసారులకూ అలాగే ఇచ్చి, మూడు రోజులు పలచగా, తరవాత కొద్దికొద్దిగా చిక్కగా తాగమని చెప్పింది. వాసన ఆగిపోయిందేమని వెతుక్కుంటూ వచ్చిన మునికి కూడా ఒక దొప్పలో పోసింది. ఆయన జపం మానేసి శ్రద్ధగా తాగాడు.

అప్పుడు ముని ఒక మాట అన్నాడు. ఇక్కడివాళ్ళు లేచారంటే ఊళ్ళోవాళ్ళూ లేచి ఉంటారు, అందరికీ ఒకేసారి ఆకలి వేస్తూ ఉంటుంది, గాదెల నిండా బియ్యం ఉంది.

రాజు మంచివాడు. ఏం చేస్తాడో పుల్లమ్మకు తెలుసు. మళ్ళీ సంతర్పణ చేస్తాడు.

ఊరు అయిదు రోజుల దూరం. ఆదెమ్మను వదిలి వెళితే ఆమె దొరికిందల్లా తిని చస్తుంది. మునికి గంజి అప్పగిస్తే గంజి మిగలదు. పుల్లమ్మ ఆదెమ్మను వీపున కట్టుకుంది. కట్టెలమోపు కంటే తేలికగా ఉంది. తోవలో తడబడుతూ, గుక్కలు పట్టిస్తూ, రాత్రీ పగలూ నడిచి సాయంత్రానికి ఏటి ఒడ్డుకు చేరేసరికి కొండచిలువ తల ఎత్తి ఎదురుచూస్తోంది.

“ఊరిదాకా దించగలను. ఈ ఏరు మీ ఊరి పక్కనుంచే పోతుంది. కానీ త్వరగా ఎక్కండి. నాకూ అసలైన ఆకలి తిరిగొచ్చింది, ఎంతసేపు మర్యాదగా ఉంటానో చెప్పలేను,” అంది.

ఎక్కారు. చల్లటి ఆ చర్మం కింద ఆకలి అలలు అలలుగా కదలడం పుల్లమ్మకు కాళ్ళ మధ్య తెలుస్తూనే ఉంది. ప్రవాహం వెంట కొండచిలువ బాణంలా పోయింది. మర్నాటి అన్నం వేళకు వాళ్ళను రేవులో దించి, వెనక్కి తిరిగి చూడకుండా అడవికి వెళ్ళిపోయింది.

కోట ముందు బంతులు తీర్చి ఉన్నాయి. రాజు స్వయంగా వడ్డిస్తున్నాడు. నిద్ర లేచినా దయ్యం భయంతో ఇంట్లో బియ్యం ముట్టక, రాజు పిలిచాకే ధైర్యం చేసిన జనం, ఎముకల మీద చర్మంతో, విస్తళ్ళ ముందు కూర్చుని వణుకుతున్నారు. మొదటి బంతిలో గంటయ్య ఉన్నాడు. పక్కన రాజవైద్యుడు ఏదో చెప్పబోతుంటే ఎవరూ వినడం లేదు. గంటయ్య నెయ్యి కారుతున్న పెద్ద ముద్ద ఎత్తాడు.

పుల్లమ్మ విస్తళ్ళ మీదుగా తొక్కుకుంటూ పరుగెత్తి తండ్రి మణికట్టు పట్టుకుంది. ఆయన కూతుర్ని గుర్తుపట్టలేదు. కళ్ళనిండా ముద్దే ఉంది. గుంజుకున్నాడు. అంత బక్క మనిషికి అంత బలం ఎక్కడిదో. భటులు వచ్చి ఆమె భుజాలు పట్టుకున్నారు. అన్నాన్ని తొక్కిందని జనం మండిపడ్డారు.

అప్పుడు వెనకనుంచి ఒక గొంతు వినిపించింది.

“వడ్డన ఆపండి.”

పెద్ద గొంతేం కాదు. కానీ కరువులో ఆ దారిన పోయినవాళ్ళందరికీ తెలిసిన గొంతు. అన్నం పెట్టిన గొంతు. వడ్డించే చేతులూ, నోటిదాకా ఎత్తిన ముద్దలూ ఆగాయి. ఆదెమ్మ స్తంభానికి ఆనుకుని నిలబడి ఉంది. తోవలో పుల్లమ్మ చెప్పిన సంగతి ఎత్తి, సంతర్పణలో పోయిన నలభై మందినీ బియ్యం చంపలేదనీ, తొందర చంపిందనీ, తనకు కడుపు చించుకుపోతున్నా ఈ పిల్ల నాలుగు గుక్కలే ఇచ్చి బతికించిందనీ చెప్పింది. చెప్పి, వంటవాళ్ళ వైపు తిరిగి, అన్నం గుండిగల్లో కాగుల కొద్దీ నీళ్ళు పొయ్యమంది. వంటవాళ్ళు రాజు వైపు చూశారు. రాజు పులిహోర గుండిగ వైపు చూశాడు. తరవాత తానే ఒక కాగు ఎత్తి అన్నంలో నీళ్ళు పోశాడు.

ఆ రోజు ఇప్పలకోనలో దొప్పల్లో గంజి తాగారు. మర్నాడు గంజి, పెసరకట్టు. ఆ మర్నాడు కాస్త మజ్జిగ. వారం తరవాతే మెత్తటి అన్నం. ఈసారి ఎవరూ చనిపోలేదు.

గంటయ్య మాత్రం మొదటి రోజు దొప్ప ముందు పెట్టుకుని ఊరికే కూర్చున్నాడు. మీ అమ్మ రాలేదే, నిన్నటినుంచి రాలేదు అన్నాడు. పుల్లమ్మకు ఏటి ఒడ్డు గుర్తొచ్చింది. ఈ బాధకు గంజి మందు కాదు. ఆమె తండ్రి పక్కన కూర్చుని, అమ్మ గురించి చెప్పు నాన్నా అంది. ఆయన ఏడ్చి, నారమ్మ తినడం లేదని తెలిసి ఉండీ తను తిన్నానని చెప్పాడు. నేనూ తిన్నాను నాన్నా అంది పుల్లమ్మ. తరవాత ఆయన నారమ్మ పెళ్ళిలో ఎంత గట్టిగా నవ్విందో చెప్పాడు, చీమల్ని తొక్కకుండా ఎలా నడిచేదో చెప్పాడు. ఒక్కొక్క మాట మధ్యలో పుల్లమ్మ ఒక్కొక్క గుక్క పట్టించింది. పొద్దు వాలేసరికి దొప్ప ఖాళీ అయింది. మాటలు ఇంకా ఉన్నాయి.

రాజు ఏం కోరుకుంటావని అడిగాడు. ఊరి నడుమ ఒక సత్రం కావాలంది పుల్లమ్మ. దాని మీద పెత్తనం తనకు, వంట ఆదెమ్మకు. అందులో ఒక కొత్త నియమం ఉండాలి, వడ్డించేవాళ్ళు ముందు తినాలి, అదీ అందరి ఎదుటా కూర్చుని. ఇదేం పద్ధతని పెద్దలు నసిగారు. రాజు ముద్ర వేశాడు.

సత్రం తెరిచిన రోజు మూడు వందల మంది బంతుల్లో కూర్చున్నారు. అందరి ముందూ విస్తళ్ళు ఖాళీగానే ఉన్నాయి. సావిడి మధ్యలో ఒక్క విస్తరి మీద మాత్రం అన్నం, పప్పు వడ్డించి ఉన్నాయి. దాని ముందు ఆదెమ్మ కూర్చుంది. జీవితంలో ఎన్నడూ జనం చూస్తుండగా తినలేదు. చెవులదాకా ఎర్రబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకోబోయింది. పుల్లమ్మ ఆ కొంగు మెల్లగా పక్కకు లాగింది. ఆదెమ్మ ముద్ద కలిపి నోట్లో పెట్టుకుని నమలసాగింది. మూడు వందల మంది ఊపిరి బిగబట్టి చూశారు.

తొందర తొందరగా మింగబోతుంటే మొదటి బంతిలోంచి గంటయ్య అన్నాడు, “నెమ్మదిగా తినమ్మా. మాకేం తొందర లేదు.”